పాత బ్యాంకు ఖాతా మూసెయ్యడానికి మూడు అర్జీలు

పోయిన ఏడు సంక్రాంతి అయినంక మేము షోలాపూర్ సాఖర్ పేట విడిచి పూణెకు వచ్చేశాం. కొడుక్కు భోసరిలో కారఖానా పని. కోడలు కూడా పనికి పోతుంది. పిల్లలను చూసుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్ళు కావాలి. మా ఇద్దరికీ షోలాపూర్‌లో పని ఏమీ మిగలలేదు. మగ్గం చప్పుడు వినీ వినీ నా చెవులు సగం పోయాయి. మా ఆమె నలభై ఏళ్ళు బీడీలు చుట్టి వేళ్ళు వంకర్లు చేసుకుంది. అందుకని ట్రంకు పెట్టె, దేవుని పటాలు, కుక్కరు సర్దుకుని బండెక్కాం.

అన్నీ తెచ్చుకున్నాం గాని బ్యాంకు ఖాతా మాత్రం అక్కడే ఉండిపోయింది. దాన్ని మూసేసి అందులో ఉన్న పైసలు ఇక్కడికి తెచ్చుకోవడానికి నాకు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పట్టింది. మూడు అర్జీలు రాశాను, రెండుసార్లు షోలాపూర్ పోయి వచ్చాను. మన మిల్లు కుటుంబాల వాళ్ళు ఇప్పుడు పిల్లల వెంబడి పూణెకు, భివండికి, సూరత్‌కు, హైదరాబాద్‌కు పోతూనే ఉన్నారు. నేను చేసిన తప్పులు మీరు చెయ్యకుండా ఉంటారని ఇది రాస్తున్నా.

ఆ ఖాతా మిల్లు మూతబడినాక లెక్క తేలి చెక్కు చేతికి వచ్చినప్పుడు తీసింది. నా పేరూ మా ఆమె పేరూ ఇద్దరివీ ఉన్నాయి. తర్వాత నేను టవళ్ళ కారఖానాలో చేసినప్పుడు జీతం అందులోనే పడేది. ఆమె బీడీ పైసలు మిగిలితే అందులోనే వేసేది. యాభై ఎనిమిది నిండినాక పి.ఎఫ్. పింఛను అందులోనే పడుతోంది, నెలకు రూ. 1,870. మేము బయలుదేరే నాటికి ఖాతాలో నలభై వేలకు కొంచెం అటూ ఇటూ ఉంది.

మొదటి అర్జీ నేనే తెలుగులో చెప్పాను, మనవరాలు మరాఠీలో రాసిపెట్టింది. మూడే ముక్కలు. "మేము పూణెకు వచ్చాం. మా ఖాతా మూసెయ్యండి. పైసలు కింద రాసిన కొత్త ఖాతాకు పంపండి." సంతకం పెట్టి రిజిస్టర్ పోస్టు చేశాను. రెండు నెలలు గడిచినా జవాబు లేదు. పైసా రాలేదు.

జూన్‌లో రెండో అర్జీ రాయించుకుని నేనొక్కణ్ణే షోలాపూర్ పోయాను. బ్రాంచిలో కూర్చున్న మేడమ్ చిన్న వయసు పిల్ల. ఓపిక గలది. నా మొదటి అర్జీ ఫైలులోంచి తీసి చూపించింది. "కాకా, ఇది మాకు అందింది. కానీ దీని మీద మేం ఏమీ చెయ్యలేం" అన్నది. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్పింది.

ఖాతా ఇద్దరి పేరు మీద ఉంది, సంతకం ఒక్కరిదే ఉంది. నాకు ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే పోయి పైసలు తెచ్చుకున్నాను కదా అన్నాను. అప్పుడు ఆమె పాస్‌బుక్కు మొదటి పేజీ చూపించింది. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు అని అక్కడ రాసి ఉంది. అది పైసలు తియ్యడానికి, వెయ్యడానికి మాత్రమేనట. ఖాతానే తీసెయ్యాలంటే పేరున్న వాళ్ళంతా ఒప్పుకోవాలి. లేకపోతే ఒకరికి తెలియకుండా ఇంకొకరు ఖాతా మూసుకుని పోతారు కదా. ఆలోచిస్తే న్యాయమే అనిపించింది.

రెండోది నా సంతకం. బ్యాంకు కార్డు మీద నేను తెలుగులో నా పేరు గుండ్రంగా, బడిపిల్లాడి లెక్క రాసి ఉన్నాను. ఇప్పుడు చెయ్యి వణుకుతుంది. అర్జీ మీది సంతకం దానికి దీనికి పోలిక లేదు. పోస్టులో వచ్చిన కాయితం మీద సంతకం కలవకపోతే ఎవరు పంపారో బ్యాంకుకు ఎట్లా తెలుస్తుంది? ఆమె నా ఆధార్ చూసి, నా ముఖం చూసి, కొత్త సంతకం ఫారం ఇచ్చింది. ఆమె ముందరే సంతకం పెట్టించుకుని, ఇకనుంచి ఇదే నమూనా అన్నది. మీలో చాలామంది ముప్పై ఏళ్ళ కింద ఖాతా తీసిన వాళ్ళే. ఊరు విడిచే ముందే ఒకసారి బ్యాంకుకు పోయి ఈ సంతకం పని చేసుకోండి. తర్వాత దీనికోసమే రైలెక్కాల్సి వస్తుంది.

మూడోది, పాస్‌బుక్కు, ఏ.టి.ఎం. కార్డు, వాడని చెక్కులు అర్జీతో ఇవ్వలేదు. నాలుగోది, కొత్త ఖాతా నంబరు రాశాను గాని ఆ బ్రాంచి ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్ రాయలేదు. అది లేకుండా వేరే బ్యాంకుకు పైసలు పంపడం కుదరదు.

అన్నీ చెప్పినాక మేడమ్ ఒక మాట అడిగింది. "కాకా, మీరు ఖాతా ఎందుకు మూస్తున్నారు? పూణెలో కూడా మా బ్యాంకు ఉంది. ఈ ఖాతానే అక్కడి బ్రాంచికి మార్చుకోవచ్చు. నంబరు ఇదే ఉంటుంది. పింఛను కదలదు. కొత్త విలాసం కాయితం ఇస్తే చాలు."

నేను నోరు తెరిచి చూశాను. ఖాతా మూసెయ్యడం వేరు, ఖాతాను ఇంకో బ్రాంచికి మార్చడం వేరు అని నాకు అప్పటిదాకా తెలియదు. ఒకే బ్యాంకు అయితే మార్చుకోవడమే సులువు. మా సంగతి వేరు. ఆ బ్యాంకు బ్రాంచి మా ఇంటి నుంచి రెండు బస్సులు మారితే గాని రాదు. కొడుకు చూపించిన వేరే బ్యాంకు ఇంటి పక్క సందులో ఉంది. నడిచి పోవచ్చు. మోకాళ్ళ నొప్పి మనిషికి అదే ముఖ్యం. అందుకని మూసెయ్యడమే ఖాయం చేసుకున్నాం. మీరు మాత్రం ముందు మీ బ్యాంకు బ్రాంచి కొత్త ఊళ్ళో దగ్గరలో ఉందేమో కనుక్కోండి. ఉంటే అర్జీలో "ఖాతా మూసెయ్యండి" అని పొరపాటున కూడా రాయకండి. "ఖాతాను ఫలానా బ్రాంచికి మార్చండి" అని రాయండి. ఒక్క మాట తేడాతో సగం పని తప్పుతుంది.

ఇంటికి వచ్చి మా ఆమెతో చెప్పాను. నీ వేలిముద్ర లేకుంటే బ్యాంకు పైసా కదపదట అని. ఆమె నవ్వింది. "గట్లనే ఉండాలె. ఆ పైసల్ల నా బీడీలు ఎన్ని వేలు ఉన్నయో నీకు ఎరుకనా?" అన్నది.

ఇక్కడ ఇంకో సంగతి తేలాలి. మొదట మా కొడుకు ఏమన్నాడంటే, "బాపూ, మళ్ళా కొత్త ఖాతా ఎందుకు? నా ఖాతాల వేయించు. కావాల్సినప్పుడు నేను తీసి ఇస్త" అన్నాడు. వాడు మంచోడే. అనుమానం పెట్టుకుని కాదు గాని నాకు మనసు ఒప్పలేదు. జీవితంలో ఎప్పుడూ చెయ్యి చాపి అడగలేదు. మందులకు కొడుకును అడగడం, కూతురికి చీర పెట్టాలంటే కోడలి ముఖం చూడడం నాకు రాదు. బ్యాంకు మేడమ్ కూడా చెప్పింది, మూసే ఖాతాలోని పైసలు ఆ ఖాతాదారుల పేరు మీదే ఉన్న ఖాతాకు పంపితే ఏ తిరకాసూ ఉండదు, వేరేవాళ్ళ పేరుకు అయితే అడిగే ప్రశ్నలు ఎక్కువ అని. కొత్త ఖాతా కూడా మా ఇద్దరి పేరునే తీసి, కొడుకును నామినీగా రాయించాం. వాడు ఒక పూట ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత వాడే వచ్చి ఫారాలు నింపిపెట్టాడు.

ఇక అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త. పాత ఖాతా మూసే ముందు అందులోకి ఏమేమి వస్తున్నాయి, అందులోంచి ఏమేమి పోతున్నాయి అని చూసుకోవాలి. పాస్‌బుక్కులో ఏడాది ఎంట్రీలు దగ్గర పెట్టుకుని వేలితో ఒక్కొక్క లైను చదవండి. మాకు దొరికినవి రెండు.

వచ్చేది పింఛను. నాతో పక్క మగ్గం నడిపిన జోడీదారు ఒకాయన భివండిలో కూతురి దగ్గరికి పోయాడు. ఆయన ముందు ఖాతా మూసేశాడు, తర్వాత పింఛను ఆఫీసుకు పోదామనుకున్నాడు. ఈలోపు మూడు నెలల పింఛను మూసిన ఖాతాకు పోయి, తలుపు తాళం చూసి తిరిగిపోయినట్టు వాపసు పోయింది. పోగొట్టుకోలేదు, తర్వాత అంతా ఒకేసారి వచ్చింది. కానీ మూడు నెలలు బి.పి. గోలీలకు అల్లుడి దగ్గర పైసలు తీసుకోవాల్సి వచ్చింది. ఆయన చెప్పుకుని బాధపడ్డది ఆ పైసల గురించి కాదు, అల్లుణ్ణి అడిగినందుకు.

అందుకని నేను జూన్‌లోనే పి.ఎఫ్. ఆఫీసుకు అర్జీ ఇచ్చాను. పింఛను పత్రం నంబరు, అంటే పి.పి.ఓ. నంబరు రాసి, కొత్త పాస్‌బుక్కు మొదటి పేజీ జెరాక్సు జతచేశాను. 2025 జనవరి నుంచి ఈ పింఛను దేశంలో ఏ బ్యాంకు బ్రాంచిలోనైనా పడేటట్టు చేశారు. అయినా కొత్త ఖాతా నంబరు మనం చెప్పనిదే వాళ్ళకు తెలియదు. జూన్ పింఛను పాత ఖాతాలో పడింది. జూలైది కొత్త ఖాతాలో పడింది. కొత్త పాస్‌బుక్కులో ఆ లైను కళ్ళారా చూసినాకనే మూడో అర్జీ రాయించాను. ఆఫీసు వాళ్ళు "మారిపోతుంది" అన్నారని మూసెయ్యకండి. పడినాక మూయండి.

సర్కారు వేసే పైసలు కొన్ని ఖాతా నంబరు చూసి పడవు, ఆధార్ నంబరు మీద పడతాయి. మా కోడలికి లాడ్కీ బహీణ్ పైసలు అట్లాగే వస్తాయి. అటువంటివి మనం చివరగా ఏ బ్యాంకుకు ఆధార్ జోడించామో ఆ బ్యాంకుకు పోతాయి. ఇంట్లో ఎవరికైనా పాత ఖాతాలో అట్లా పడుతుంటే కొత్త బ్యాంకులో ఆధార్ జోడించే ఫారం వేరుగా ఇవ్వాలి. ఖాతా తీసేటప్పుడు ఆధార్ జెరాక్సు ఇచ్చాం కదా అనుకుంటే సరిపోదు. ఆ జెరాక్సు మనమెవరో తెలుసుకోవడానికి మాత్రమే.

పోయేది ఏమిటంటే, ఏటా మే నెలాఖరులో రూ. 20 కోత. పాస్‌బుక్కులో చూసి ఇదేదో బ్యాంకు ఛార్జీ అనుకునేవాణ్ణి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాదంలో మనిషి పోతే ఇంటివాళ్ళకు రూ. 2 లక్షలు వచ్చే బీమా. డెబ్బై ఏళ్ళ దాకా ఉంటుంది. జూన్ 1 నుంచి మే 31 దాకా ఏడాది లెక్క. నేను మేలో కట్టాను కదా, వచ్చే మే దాకా ఉంటుంది అనుకున్నా. మేడమ్ చెప్పింది, ఖాతా మూస్తే బీమా కూడా అక్కడితో పోతుంది అని. అది ఖాతాకు కట్టిన బీమా. ఇరవై రూపాయలు పెద్ద సొమ్ము కాదు. కానీ రోడ్డు మీద ఏమన్నా అయితే ఇంటివాళ్ళు బీమా ఉందని తిరిగి తిరిగి, చివరికి ఖాతా మూసినారు కాబట్టి రాదు అనే మాట వినాల్సి వస్తుంది. పాత ఖాతా మూసిన మరునాడే కొత్త బ్యాంకులో ఇద్దరికీ ఆ ఫారం మళ్ళీ నింపించాను. మీకు అప్పు వాయిదా, కరెంటు బిల్లు, ఎల్.ఐ.సి. కిస్తీ ఏదైనా పాత ఖాతాలోంచి కోతపడుతుంటే అవి కూడా ముందే మార్చుకోవాలి.

ఇంకో చిన్న ఉపాయం. జూన్‌లో పోయినప్పుడు మేడమ్‌ను అడిగి పాత ఖాతాలోంచి కొత్త ఖాతాకు వంద రూపాయలు మాత్రం పంపించాను. పూణె వచ్చి పాస్‌బుక్కు కొట్టిస్తే వంద పడి ఉంది. పైసలు పంపేటప్పుడు మిషను చూసేది ముఖ్యంగా నంబరును. ఒక్క అంకె తప్పినా ఇంకెవరి ఖాతాలోనో పడొచ్చు. వంద పోతే వంద. ఉన్నదంతా పోతే ఎవరికి చెప్పుకుంటాం?

ఆగస్టు 21న మా ఇద్దరం కలిసి షోలాపూర్ పోయాం. మా ఆమె వేలిముద్ర మనిషి కాబట్టి ఆమె స్వయంగా రావాల్సిందే. మూడో అర్జీ మరాఠీలో మనవరాలు అందంగా రాసింది. తెలుగులో నేను చెప్పింది ఇది:

తేదీ: 21 ఆగస్టు
మేనేజర్ గారికి,
............ బ్యాంకు, ............ బ్రాంచి, షోలాపూర్.

విషయం: మా పొదుపు ఖాతా మూసివేసి, నిలువ సొమ్మును కొత్త ఖాతాకు పంపవలసిందిగా మనవి.

అయ్యా,
మీ బ్రాంచిలో మా ఇద్దరి పేరున పొదుపు ఖాతా ఉన్నది. ఖాతా నంబరు ............ . మేము ఊరు మారి పూణెలో మా కొడుకు వద్ద స్థిరపడినాము. అందువల్ల ఈ ఖాతాను మూసివేయవలసిందిగా ఇద్దరమూ ఒప్పుకుని కోరుతున్నాము.

ఈ నాటి వరకు వడ్డీ కలిపి, ఛార్జీలు ఏమన్నా ఉంటే తీసివేసి, మిగిలిన మొత్తం సొమ్మును మా ఇద్దరి పేరునే ఉన్న ఈ కింది ఖాతాకు నెఫ్ట్ ద్వారా పంపగలరు.
ఖాతాదారుల పేర్లు: ............
బ్యాంకు, బ్రాంచి: ............, పూణె
ఖాతా నంబరు (అంకెల్లో): ............
అదే నంబరు మళ్ళీ: ............
ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్: ............

ఈ ఖాతా మీద మాకు అప్పు, లాకరు, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏమీ లేవు. పింఛను కొత్త ఖాతాకు మారినది. పాస్‌బుక్కు, ఏ.టి.ఎం. కార్డు ఒకటి, వాడని చెక్కులు ఏడు ఈ అర్జీతో ఇస్తున్నాము. ఆధార్, పాన్ జెరాక్సులు, కొత్త పాస్‌బుక్కు మొదటి పేజీ జెరాక్సు జత చేసినాము.

ఖాతా మూసినట్టు కాయితం, సొమ్ము పంపిన నంబరు మాకు ఇవ్వగలరు.

కొత్త విలాసం: ............ ఫోను: ............
ఇట్లు,
(మొదటి ఖాతాదారు సంతకం)     (రెండవ ఖాతాదారు వేలిముద్ర)

ఇందులో ఒక్క లైను కూడా అలంకారానికి లేదు. "ఇద్దరమూ ఒప్పుకుని" అనే మాట మొదటి అర్జీ ఎందుకు ఆగిందో దానికి జవాబు. కొత్త నంబరు రెండుసార్లు రాసింది, ఒకటి చూసి ఒకటి సరిపోల్చుకోవడానికి. ఐ.ఎఫ్.ఎస్.సి. కోడ్‌లో మొత్తం పదకొండు ఉంటాయి. మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు బ్యాంకువి, ఐదోది ఎప్పుడూ సున్నా, తర్వాతి ఆరు బ్రాంచివి. ఐదోదాన్ని ఇంగ్లీషు ఓ అక్షరం అనుకుని రాస్తే కాయితం వెనక్కి వస్తుంది. మనవరాలు రెండో అర్జీలో అదే చేసింది. చెక్కులు ఎన్ని ఇస్తున్నామో లెక్క రాయడం మన మంచికే. రేపు ఏదైనా చెక్కు బయట కనపడితే మన దగ్గర లేదని చెప్పడానికి ఆధారం ఉంటుంది.

బ్యాంకు తన ఫారం ఒకటి ఇచ్చి అది కూడా నింపమన్నది. దాదాపు అన్ని బ్యాంకులకూ మూసివేత ఫారం వేరే ఉంటుంది. అది ఉన్నా మన అర్జీ ఇవ్వడం మానకండి. మన అర్జీ రెండో కాపీ మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకున్నాను. ఆ కాపీ నా దగ్గర ఉంది. పోస్టులో పంపినప్పుడు అటువంటిది నా దగ్గర ఏదీ లేకపోయె.

మా ఆమె మేడమ్ ముందరే వేలిముద్ర వేసింది. ఆఫీసరు ఆమె ఫోటోతో పోల్చి సంతకం చేశాడు. కార్డును కత్తెరతో మా కళ్ళముందే రెండు ముక్కలు చేశారు. మీరు కూడా అట్లాగే చేయించండి.

లెక్క ఎట్లా వచ్చిందో చెప్తాను. ఖాతాలో రూ. 41,650 ఉంది. వడ్డీ జూన్ 30 దాకా అంతకుముందే జమ అయ్యింది. అక్కడినుంచి ఆగస్టు 20 దాకా 51 రోజులు. ఈ మధ్యలో తీసిందీ వేసిందీ లేదు. వడ్డీ ఏడాదికి నూటికి రెండున్నర. అంటే 41,650 మీద ఏడాదికి సుమారు రూ. 1,041, రోజుకు రూ. 2.85. 51 రోజులకు రూ. 145. పొదుపు ఖాతా వడ్డీ ఏ రోజు ఎంత నిలువ ఉందో దాని మీదే రోజు లెక్కన కట్టాలి. కాబట్టి మూడు నెలలు నిండలేదని ఈ 145 వదిలెయ్యాల్సిన పని లేదు. పైసలు పంపిన ఛార్జీ రూ. 5, దాని మీద జి.ఎస్.టి. 90 పైసలు. పాత ఖాతా కాబట్టి మూసినందుకు ఛార్జీ వెయ్యలేదు. తీసి ఏడాది నిండని ఖాతాలకు కొన్ని బ్యాంకులు వేస్తాయి. చివరికి కొత్త ఖాతాకు వచ్చింది రూ. 41,789.10. మనవరాలు కాయితం మీద, నేను వేళ్ళ మీద లెక్కేశాం. ఇద్దరిదీ కలిసింది.

మేడమ్ ఒక చీటీ మీద పెద్ద నంబరు రాసి ఇచ్చింది. అది యు.టి.ఆర్. నంబరు. పైసలు దారిలో ఎక్కడ ఆగినా ఆ నంబరుతోనే వెతుకుతారు. నెఫ్ట్ ఇప్పుడు పగలూ రాత్రీ అరగంటకు ఒక విడత నడుస్తుంది. మామూలుగా ఆ విడత అయిన రెండు గంటల్లోపు పడాలి, పడకపోతే వాపసు రావాలి. మేము స్టేషన్‌లో చాయ్ తాగుతుండగానే కొడుకు ఫోను చేసి "బాపూ, పడ్డయి" అన్నాడు.

పోనీలే, ఆ ఖాతా అట్లాగే వదిలేస్తే ఏమైతది అని కొందరు అడుగుతారు. మా పాస్‌బుక్కులో చూస్తే కార్డుకు ఏడాదికి రూ. 236, మెసేజీలకు మూడు నెలలకోసారి రూ. 17.70 కోతపడ్డాయి. ఏడాదికి మొత్తం రూ. 306.80. మేము వాడకపోయినా ఆ కోత ఆగదు. రెండేళ్ళు మనం వెయ్యకుండా, తియ్యకుండా ఉంటే ఖాతాను నిద్రలో పెడతారు. మళ్ళీ లేపాలంటే ఆధార్ పట్టుకుని పోవాలి. పదేళ్ళు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి పోతుంది. అప్పుడు కూడా అడిగి తెచ్చుకోవచ్చు. కానీ పదేళ్ళకు మనం ఉంటామా, ఉంటే తిరగగలమా? మన వెనుక పిల్లలు మరణపత్రం, నామినీ కాయితాలు పట్టుకుని తిరగాలి. ఆ తిరుగుడు వాళ్ళకు ఎందుకు పెట్టాలి?

ఒకవేళ అన్నీ సరిగ్గా ఇచ్చినా బ్యాంకు కదలకపోతే ముందు ఆ బ్యాంకుకే ఫిర్యాదు కాయితం ఇచ్చి నంబరు తీసుకోండి. ముప్పై రోజులు చూడండి. అప్పటికీ జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. అడగడానికి 14448 ఫోను నంబరు ఉంది. ఆ ఫిర్యాదు చండీగఢ్‌లో ఉన్న రిజర్వు బ్యాంకు కేంద్రానికి పోస్టులో మన తెలుగులోనే పంపుకోవచ్చు. నాకు ఆ అవసరం పడలేదు. తప్పు ఎక్కువ భాగం నా అర్జీలదే కాబట్టి.

మొత్తం మీద వరస ఇది. ఊరు విడిచే ముందు సంతకం సరిచేసుకోండి. కొత్త ఊళ్ళో ఖాతా మీ పేరునే తీయండి. వంద రూపాయలు పంపి చూడండి. వచ్చేవి, పోయేవి మార్చి, పింఛను కొత్త ఖాతాలో పడినాక అప్పుడు అర్జీ ఇవ్వండి. నేను చివర చెయ్యాల్సింది మొదట చేశాను, అందుకే మూడు రాయాల్సి వచ్చింది.

పాత పాస్‌బుక్కు మీద అడ్డంగా ఖాతా మూసినట్టు ముద్ర కొట్టి మాకే తిరిగి ఇచ్చారు. కొడుకు పారెయ్యమన్నాడు. అడిగే వాళ్ళు ఎప్పుడైనా అడగొచ్చు, కొన్నేళ్ళు దాచుకోవాలని మేడమ్ చెప్పింది. మా ఆమె దాన్ని ట్రంకు పెట్టెలో చీరల కింద పెట్టింది. పైన ఉన్న అర్జీ మీకు పనికి వస్తే ఖాళీలు నింపి మీ ఊరి భాషలో రాయించుకోండి.